సీమంతంలో అత్తకు ఏం జవాబు చెప్పాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. పుట్టి పెరిగింది చెన్నైలోనే, ఇల్లు వేళచ్చేరిలో, ఉద్యోగం షోళింగనల్లూరులో. నాన్నవాళ్ళది నెల్లూరు. రెండేళ్ళుగా ఒళ్ళు వచ్చింది, థైరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. రంగు మొదటినుంచీ తక్కువే. మా పెద్ద మేనత్త ఎక్కడ కనిపించినా నలుగురిలో ఈ రెండు సంగతులే ఎత్తుతుంది. పోయినసారి ఒక పెళ్ళిలో ఉండబట్టలేక "నువ్వు మాత్రం సన్నగా ఉన్నావా?" అనేశాను. పెద్ద గొడవైంది, అమ్మ నా చేత సారీ చెప్పించింది. వచ్చే నెల టి.నగర్‌లో మా వదిన సీమంతం. వదినవాళ్ళు తమిళులు, వాళ్ళ బంధువులంతా వస్తారు. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉండి రాత్రి భోజనం మానేశాను. మర్యాద తప్పకుండా ఆవిడకు ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం:

ముందు ఈ రాత్రి నుంచే భోజనం మొదలుపెట్టండి. నెలరోజులు పస్తులుండి కాస్త తగ్గారే అనుకుందాం, అత్త "ఏంది, మొహం ఇట్టా పీక్కుపోయింది?" అని అందుకుంటుంది. మాట మారుతుందే తప్ప ఆగదు. తిండిలో ఏం తగ్గించాలో, అసలు తగ్గించాలో లేదో మీకు మాత్రలు రాసిన డాక్టరు చెప్పాలి. ఫంక్షన్ తేదీని చూసి మీరు నిర్ణయించుకునేది కాదది. తిండిని చూస్తేనే భయం వేసే స్థితి వస్తే మాత్రం ఆ సంగతి కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇక పోయినసారి మీరన్న మాట. ఆ మాట నోరు దాటేదాకా తప్పు అత్తది. దాటిన మరుక్షణం మీదైపోయింది. మీ బరువు గురించి ఆవిడ నలుగురిలో ఏమన్నదో ఇవాళ ఎవరికీ గుర్తుండదు. పెద్దంతరం చిన్నంతరం లేకుండా మీరు ఎదురు మాట్లాడారన్నదే నెల్లూరుదాకా చేరి ఉంటుంది. మన ఇళ్ళల్లో పంచాయితీ ఎప్పుడూ మాటలో నిజమెంత అన్నదాని మీద జరగదు, ఎవరు ఎవరిని ఏ గొంతుతో అన్నారన్నదాని మీదే జరుగుతుంది. ఇది న్యాయమని నేననడం లేదు. కానీ ఈసారి జవాబు సిద్ధం చేసుకునేటప్పుడు దీన్ని లెక్కలో పెట్టుకోవాలి. అందుకని జవాబుకు ఒక పరీక్ష పెట్టుకోండి: మీరన్న మాటను ఆ రాత్రి ఎవరైనా మీ నాన్నకు ఉన్నదున్నట్టు తిరిగి చెప్పినా ఆయనకు అందులో తప్పు దొరకకూడదు. అత్తకు మాత్రం ఆ మాట తర్వాత అదే సంగతి సాగదీయడానికి దారి ఉండకూడదు. కింద నేను చెప్పేవన్నీ ఈ పరీక్షకు నిలిచే మాటలే.

ఎదురు మాట్లాడకుండా ఉండాలనుకునేవాళ్ళు సాధారణంగా చేసేది సంజాయిషీ ఇవ్వడం. మర్యాదగానే ఉంటుంది కానీ అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. ఎలా జరుగుతుందో చూడండి.

"ఏందమ్మే, ఇట్టా ఒళ్ళు చేశావు?"
"థైరాయిడ్ అత్తా, మాత్రలు వాడుతున్నాను."
"థైరాయిడా! మా తోడికోడలి కూతురికీ ఉంది, అది నీలా లేదే?"
పక్కనున్న పెద్దమ్మ: "పొద్దున్నే ధనియాల నీళ్ళు తాగమను."
ఇంకొకరు: "క్యాబేజీ తినకూడదంట కదా? ఇంతకీ పిల్లలు పుట్టడానికి ఇబ్బందేమీ లేదు కదా?"

నాలుగు మాటల్లో మీ బరువు కాస్తా మీ గర్భసంచి దాకా వెళ్ళింది, అదీ కాబోయే వియ్యంకులు ఎవరైనా వినే దూరంలో. వీళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. మీరు ఒక జబ్బు పేరు చెప్పారు, పేరు చెప్పగానే తలా ఒక మందు చెప్పడం వాళ్ళ బాధ్యత అనుకున్నారు. కాబట్టి కారణం చెప్పకండి. థైరాయిడ్ అన్న మాట మండపంలో మీ నోటివెంట రాకూడదు. అడిగినదానికి కారణం చెప్పి తీరాలని మీకు అనిపించడం సహజం, ఆఫీసులో అలవాటు అదే కదా. చుట్టాల దగ్గర ఆ అవసరం లేదు.

రెండో అలవాటు మన మీద మనమే జోకు వేసుకోవడం. "అవునత్తా, డ్రమ్ములా తయారయ్యాను" అంటే ఆ పూటకు అందరూ నవ్వుతారు, గండం గడిచినట్టే ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ డ్రమ్ము మాట మీ బాబాయి కొడుకుల నోట్లో ఉంటుంది. అప్పుడు మీకు కోపం వస్తే "నువ్వే అన్నావు కదా" అంటారు. వాళ్ళకు అనుమతి ఇచ్చింది మీరే అవుతారు.

మరి ఏమనాలి? అత్త అడిగినదానికి కాకుండా అత్తకు జవాబివ్వండి. ఆమె వయసు ఆడవాళ్ళు మనిషి కనిపించగానే ముందు ఒళ్ళు చూస్తారు, చిక్కారా, లావయ్యారా, నల్లబడ్డారా అని. వాళ్ళకు అది పలకరింపు. పలకరింపుకు పలకరింపు ఇచ్చి, వెంటనే ఆవిడ జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్న ఒకటి వెయ్యండి. "నేను బాగానే ఉన్నానత్తా. నీ మోకాళ్ళు ఎట్టున్నాయి? రైల్లో సీటు దొరికిందా?" ఇందులో మొదటి ముక్క ముఖ్యం. "అవును" అనలేదు, "కాదు" అనలేదు. రెండో ముక్క ఇంకా ముఖ్యం, అది ఆవిడ సొంత కష్టం గురించి కావాలి. వాతావరణం గురించి అడిగితే ఒక్క మాటతో తేల్చి మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. మోకాళ్ళ గురించి అడిగితే ఐదు నిమిషాలు అటే ఉంటుంది. ఆవిడకు ఏ ఆపరేషన్ అయిందో, ఏ మనవడు ఏ పరీక్ష రాస్తున్నాడో ముందే అమ్మను అడిగి ఒకటి గుర్తుపెట్టుకోండి.

ఈ మొదటి మాట ఎక్కడ జరగాలో కూడా మీ చేతిలో ఉంది. మీరు ఆ ఇంటి ఆడపిల్ల. మండపం గుమ్మం దగ్గర చందనం, కుంకుమ, కలకండ, పన్నీరు బుడ్డి పెట్టిన బల్ల ఉంటుంది కదా, వచ్చేవాళ్ళను ఆహ్వానించే పని మీరే అడిగి తీసుకోండి. అత్త ఎదురయ్యేది అక్కడే, ఆవిడ వెనక మరో పదిమంది నిలబడి ఉంటారు. ఆవిడ అనేది ఒక్క మాటే, మీరు అనేదీ ఒక్క మాటే, ఈలోపు వెనకున్నవాళ్ళు ముందుకు తోస్తారు. అదే మాట కుర్చీల వరుసలో, అందరూ తీరుబడిగా కూర్చుని ఉన్నప్పుడు మొదలైతే మీరు లేచిపోవడానికి కూడా సాకు దొరకదు.

గుమ్మం దగ్గర ఒకసారి అని ఊరుకుంటే అది పలకరింపేనని వదిలెయ్యండి, మనసులో పెట్టుకోకండి. కాసేపటి తర్వాత ఇంకొకరిని పక్కన పెట్టుకుని, వదినవాళ్ళ అమ్మగారినో ఎవరినో, "మా పిల్ల చూడండి, ఒకప్పుడు మల్లెతీగలా ఉండేది" అని మళ్ళీ ఎత్తితే అది పలకరింపు కాదు. దానికి రెండో జవాబు కావాలి. అది పొట్టిగా ఉండాలి, గొంతు మామూలుకంటే కొంచెం తగ్గాలి, మొహంలో నవ్వు అలాగే ఉండాలి. "నా ఒళ్ళు సంగతి ఇప్పుడొద్దులే అత్తా." అంతే. ఆ తర్వాత ఒక్క ముక్క కూడా కలపకండి. "ఎందుకంటే నాకు బాధగా ఉంటుంది" అని కలిపారా, బాధ ఎందుకు, నీ మంచికే కదా అని రెండో అధ్యాయం మొదలవుతుంది. ఆ మాట అనేసి వదినవాళ్ళ అమ్మగారి వైపు తిరిగి "ఆంటీ, మీరు కాఫీ తాగారా?" అని తమిళంలో అడగండి. చెన్నైలో పెరిగిన పిల్ల కాబట్టి ఈ సౌకర్యం మీకుంది. ఆవిడ అప్పటిదాకా ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బందిపడుతూ ఉంటుంది, మీకంటే ముందు ఆవిడే ఊపిరి పీల్చుకుంటుంది.

ఒక చిన్న జాగ్రత్త. మీ ఉత్తరాన్ని బట్టి అత్తను మీరు "నువ్వు" అనే పిలుస్తారు. ఆ రోజు కూడా అలాగే పిలవండి. గొడవ తర్వాత కదా అని ఉన్నట్టుండి "మీరు" అని మొదలుపెడితే ఆవిడకు అది మర్యాదలా వినిపించదు, అలకలా వినిపిస్తుంది. వాక్యం చివర "అత్తా" అన్న పిలుపు మాత్రం ప్రతిసారీ ఉండాలి. "ఇప్పుడొద్దులే" అని తుంచితే కసిరినట్టుంటుంది, "ఇప్పుడొద్దులే అత్తా" అంటే చనువుగా ఉంటుంది. మీ నాన్నకు తిరిగి చెప్పేవాళ్ళు కూడా ఆ పిలుపును వదిలేసి చెప్పలేరు.

మూడోసారి కూడా అంటే మాటలు వాడకండి, పని వాడండి. సీమంతంలో పనులకు కొదవా? గాజుల పళ్ళెం పట్టుకోవాలి, వచ్చిన ముత్తయిదువలకు పసుపు కుంకుమలు ఇవ్వాలి, తాంబూలం సంచులు సర్దాలి. ఏదో ఒకటి ముందే మీ పేరున రాయించుకుంటే "గాజులు అందించాలి అత్తా, వస్తాను" అని లేచిపోవచ్చు. దాన్ని పారిపోవడం అని ఎవరూ అనరు, పిల్ల ఎంత పనిమంతురాలో అంటారు.

భోజనాల దగ్గర ఇంకో తమాషా ఉంటుంది. "తగ్గాలమ్మే నువ్వు" అన్న నోటితోనే మీ ఆకులో రెండో బూరె వేయించేది కూడా అత్తే. సీమంతం భోజనమంటే పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం అన్నీ వరుసగా వస్తాయి, ఏది తిన్నా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. అక్కడ బరువు పేరు చెప్పి వద్దనకండి. "డైటింగ్" అన్నారంటే పంక్తి పంక్తంతా అందుకుంటుంది. "చాలత్తా, కడుపు నిండింది" చాలు. తినాలనిపిస్తే ఆ బూరె హాయిగా తినండి.

రంగు సంగతి వేరే. బరువు గురించి అనేవాళ్ళు కనీసం మీరు ఏదో చేస్తే మారుతుందనుకుంటారు. రంగు విషయంలో అదీ లేదు. దాని వెనకున్నది పెళ్ళి చింత. 27 ఏళ్ళు, ఆడపిల్ల, రంగు తక్కువ, ఈ మూడూ కలిపి ఆవిడ మనసులో ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. పైగా ఈసారి సందర్భం సీమంతం. నేను అనుకోవడం, నెల్లూరునుంచి ఎవరో ఒకరు కుంకుమపువ్వు డబ్బీ తెస్తారు. పాలల్లో కలుపుకుని తాగితే బిడ్డ పండులా పుడుతుందని వదిన చేతిలో పెడతారు. ఆ వెంటనే వచ్చే మాట కూడా నాకు తెలుసు: "మేనత్త పోలిక రాకుండా ఉంటే చాలు." ఆ బిడ్డకు మేనత్త మీరే.

కుంకుమపువ్వుకూ బిడ్డ రంగుకూ సంబంధం లేదు. ఒంటి రంగు మెలనిన్ అనే పదార్థాన్ని బట్టి ఉంటుంది, అది ఎంత, ఏ రకం అన్నది తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చే అనేక జన్యువుల కలయిక. అందుకే ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ళు రెండు రంగుల్లో ఉంటారు. అయితే ఈ పాఠం మండపంలో చెప్పకండి. మీ ఊళ్ళోనే 'విమెన్ ఆఫ్ వర్త్' అనే సంస్థ 2009లో 'డార్క్ ఈజ్ బ్యూటిఫుల్' అని ప్రచారం మొదలుపెట్టింది. మనందరి ఇళ్ళల్లో అద్దం ముందు ఉండిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' కూడా 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసుకుంది. ఇవన్నీ నిజాలే, మీ అమ్మతో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొస్తాయి. పట్టుచీరల మధ్య నాదస్వరం మోగుతుండగా వీటితో అత్తను ఒప్పించినవాళ్ళు లేరు.

అక్కడ పనిచేసే మాట ఇంకోటి ఉంది. ఆవిడ మీకు మేనత్త, అంటే మీ నాన్న తోబుట్టువు. మీ రంగు మీ నాన్న వైపు నుంచే వచ్చి ఉంటే, అత్తదీ ఇంచుమించు అదే రంగై ఉంటే, ఇంత మంచి జవాబు ఇంకొకటి దొరకదు: "నాది మీ పుట్టింటి రంగే కదత్తా!" నవ్వుతూ, వీలైతే ఆవిడ చెయ్యి పట్టుకుని అనండి. ఇందులో ఎదురు మాట లేదు. ఆవిడను మీ వైపు లాక్కున్నారు. ఇక ఆ రంగును తీసిపారెయ్యాలంటే తన పుట్టింటిని తీసిపారెయ్యాలి, ఏ ఆడబిడ్డా వియ్యాలవారి ముందు ఆ పని చెయ్యదు. మేనత్త పోలిక మాట వస్తే కూడా ఇదే కొంచెం మార్చి, "మేనత్త పోలికొస్తే మీ అందరి ముద్దూ దానికే అత్తా, నన్ను పెంచలేదా?" అనొచ్చు.

అయితే దీనికి హద్దులున్నాయి. అత్త మీకంటే తెల్లగా ఉండి, మీ రంగు అమ్మ వైపుదైతే ఈ మాట ఎత్తకండి, దెబ్బ తిరిగి అమ్మకు తగులుతుంది. ఇంకోటి, అత్త తన పెళ్ళిచూపుల రోజుల్లో ఇదే రంగు గురించి పడ్డ మాటలు ఏమైనా ఉన్నాయేమో నాన్నను అడిగి తెలుసుకోండి. ఆ తరంలో రంగు తక్కువైన పిల్లలకు సంబంధాలు తప్పిపోవడం, కట్నం పెరగడం మామూలు విషయం. ఆ కథ ఉన్నట్టయితే మీ గురించి ఆవిడ పడే ఆరాటం ఎక్కడినుంచి వస్తోందో మీకు అర్థమవుతుంది. అప్పుడు ఆ మాటను వెటకారం రవ్వంత కూడా లేకుండా అనాలి, లేదా అననే కూడదు.

ఒకవేళ ఆవిడ సంచిలోంచి ఒక ట్యూబు తీసి "ఇది రాస్తే పదిరోజుల్లో తేడా తెలుస్తుంది" అందనుకోండి. తీసుకోండి, థాంక్స్ చెప్పండి, రాయకండి. మందుల షాపుల్లో చేతులు మారే ఇలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఇంటికొచ్చాక దాని మీద చిన్న అక్షరాలు చదవండి, బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. ఇలాంటివాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. మొదట్లో మొహం నిజంగానే తేటపడుతుంది, అందుకే ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. వాడుతూ పోతే చర్మం పల్చబడుతుంది, మొటిమలు వస్తాయి, మొహం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఆపితే మంట, ఎరుపు మొదలై మళ్ళీ రాసుకోవాల్సి వస్తుంది. "వాడావా?" అని తర్వాత ఫోన్ చేస్తే "మొహానికి డాక్టర్ని అడక్కుండా ఏదీ రాయనత్తా" అనండి. అబద్ధం ఆడాల్సిన పనిలేదు. ఆవిడ ఇంట్లో ఎవరైనా అదే రాస్తుంటే ఈ సంగతి విడిగా చెప్పండి, అది నిజంగా ఆవిడకు చేసే సాయం.

ఇంతదాకా ఆ రోజు ఏమనాలో చెప్పాను. అసలు పని అంతకు ముందే జరగాలి, అదీ మీ నాన్న చేత. ఆవిడ ఆయనకు అక్క. మీరు చెబితే ఎదురు మాట, అమ్మ చెబితే వదినామరదళ్ళ పోరు, నాన్న చెబితేనే అది తమ్ముడి మాట. సీమంతానికి ఓ వారం ముందు, ఆహ్వానం గుర్తుచేసే ఫోన్‌లోనే చివర్లో కలిపేస్తే చాలు. ఆయన ఏమనాలో కూడా మీరే చెప్పండి, లేకపోతే మగవాళ్ళు ఇలాంటివి నసిగి నసిగి చెడగొడతారు. "అక్కా, పిల్ల ఆరోగ్యం సంగతి డాక్టరు చూస్తున్నాడు. నలుగురిలో దాని ఒళ్ళూ రంగూ ఎత్తొద్దు, వియ్యాలవాళ్ళు ఉంటారు. ఏదన్నా చెప్పాలనుంటే నాకు చెప్పు." ఇందులో పాత గొడవ ప్రస్తావన ఉండకూడదు. "పోయినసారి నువ్వు అలా అన్నావు కాబట్టి" అన్నారంటే ఫోన్ అక్కడే పెట్టేస్తుంది, సీమంతానికి వస్తుందో రాదో కూడా చెప్పలేం. "వియ్యాలవాళ్ళు ఉంటారు" అన్న ముక్క మాత్రం మరిచిపోకూడదు. పుట్టింటి పరువు అంటే అత్తకు మీకంటే ఎక్కువ పట్టింపు ఉంటుంది, అదే ఇక్కడ పనిచేసేది.

నాన్న ఫోన్ చేస్తే ఒక కొత్త చిక్కు రావచ్చు. ఆవిడ మండపంలోకి వస్తూనే అందరూ వినేలా, "నిన్నేమీ అనకూడదంట కదమ్మే, మీ నాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు!" అంటుంది. చాలామంది పిల్లలు ఇక్కడే బిత్తరపోయి "నేను చెప్పమనలేదు" అనేస్తారు. అలా అంటే నాన్న అబద్ధాలకోరైపోతాడు, మీ ప్రయత్నమంతా వృథా. మీరు నవ్వి, "అవునత్తా, నేనే చెప్పమన్నాను. నువ్వైతే వింటావని" అనండి. దాచడానికి ఏమీ లేదని తేలిపోతే ఆ మాటకు పదును ఉండదు. "నువ్వైతే వింటావని" అన్నందుకు ఆవిడకు కూడా నలుగురిలో పెద్దరికం నిలబడుతుంది.

నాన్న ససేమిరా అంటే, అత్త మాట వినే మనిషి ఇంకెవరున్నారో చూడండి. ఆవిడ కూతురో, చిన్నత్తో. అన్నయ్యను మాత్రం పంపకండి. ఆ రోజు ఆయన భార్య సీమంతం, ఏ మాట జరిగినా వదినే చెప్పించిందంటారు.

అమ్మ గురించి మీరు ఎక్కువ రాయలేదు కానీ సారీ చెప్పించిందంటే ఆవిడ పరిస్థితి ఊహించగలను. అత్త మీ ఒంటి గురించి అన్నప్పుడల్లా అమ్మకు అది తన పెంపకం మీద వేసిన నింద. అందుకే "నేనూ అదే మొత్తుకుంటున్నాను వదినా, వింటేనా" అని అటు చేరిపోతుంది. మీకు అది వెన్నుపోటులా అనిపిస్తుంది, ఆవిడ మాత్రం తనను తాను కాపాడుకుంటోంది. అత్తతో పోట్లాడమని అమ్మను అడగకండి, చెయ్యలేదు. ఒకే ఒక్కటి అడగండి: ఆ మాట మొదలైనప్పుడు అటు ఒక్క ముక్క కూడా కలపకుండా, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి ఏదో ఒక పని చెప్పమనండి. "ఇట్రా, వక్కపొడి పొట్లాలు ఎక్కడ పెట్టావు?" అంటే చాలు. ఇది అమ్మకు చేతనైన పని, ఆవిడ ఒప్పుకుంటుంది. ముందురోజు రాత్రి మరోసారి గుర్తుచెయ్యండి, ఫంక్షన్ హడావిడిలో మరిచిపోతుంది.

అందరినీ ఒకే గాట కట్టకండి. వంటగది పక్కన ఒంటరిగా దొరికించుకుని, "ఏంటమ్మా, నీరసంగా కనిపిస్తున్నావు, అంతా బాగేనా?" అని మెల్లగా అడిగే పిన్ని ఒకరు ఉండే ఉంటారు. ఆవిడ అడిగిందీ ఒంటి గురించే, కానీ ఎవరూ వినకుండా అడిగింది, జవాబు కోసం ఆగింది. ఆవిడకు థైరాయిడ్ సంగతి చెప్పొచ్చు, మనసులో ఉన్నదీ చెప్పొచ్చు. అలాగే ఎవరైనా "మెడ వెనక నల్లగా ఉంది, సున్నిపిండి పెట్టి రుద్దు" అంటే ఆ మాటకు అక్కడ "సరే పిన్నీ" అనేసి, ఇంటికొచ్చి అద్దంలో చూసుకోండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, మఖమల్ గుడ్డలా తయారైతే అది మురికి కాదు, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఈసారి థైరాయిడ్ పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరుకు చూపించి, షుగర్ కూడా చూడమని అడగండి.

ఇక ఫంక్షన్ అయిపోయినా మాట అయిపోదు. మర్నాటికల్లా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు వస్తాయి. మండపంలో నోరు కట్టుకున్నవాళ్ళు కూడా అక్కడ "పిల్ల కొంచెం తగ్గితే చీర ఇంకా బాగుండేది" అని ఒక నవ్వు బొమ్మ పెడతారు. ఎదురుగా ఉన్నప్పుడు పనికొచ్చిన గొంతూ నవ్వూ అక్కడ ఉండవు, ఎంత మెత్తగా రాసినా చదివేవాళ్ళు తమకు తోచిన గొంతుతోనే చదువుకుంటారు. పైగా రాసింది స్క్రీన్‌షాట్‌గా నిలిచిపోతుంది. కాబట్టి గ్రూపులో జవాబు రాయకండి. వదిన గాజుల చేతుల ఫోటోలు ఓ నాలుగు మీరే వరుసగా పెట్టండి, కామెంట్ పైకి జరిగిపోతుంది, అందరూ గాజుల మీద పడతారు. ఆ రాసినవాళ్ళతో మాట్లాడాలని మీకు గట్టిగా అనిపిస్తే రెండు రోజులాగి విడిగా ఫోన్ చెయ్యండి, మెసేజ్ మాత్రం వద్దు.